వేల పట్టికల పేజీలను డిజిటైజ్ చేసే ముందు: శాంపిల్, గంటలు, తప్పుల బడ్జెట్

పాత రిజిస్టర్లను కంప్యూటర్‌లోకి ఎక్కించే పనికి మొదట అందరూ వేసే లెక్క ఒకటే. ఒక పేజీ టైప్ చేసి చూస్తారు, 11 నిమిషాలు పడుతుంది. మొత్తం 4,800 పేజీలు. అంటే 880 గంటలు. ఆ అంకె పట్టుకుని మనుషులను పెట్టుకుంటారు, గడువు చెప్పేస్తారు. సగం పని కూడా కాకముందే గంటలు అయిపోతాయి. పైగా అప్పటిదాకా ఎక్కించిన అంకెల్లో ఎన్ని తప్పులున్నాయో ఎవరికీ తెలియదు.

ఈ లెక్క సరిగ్గా వేయడం ఎలాగో ఒకే ఉదాహరణతో చూద్దాం. పది వాతావరణ కేంద్రాలు, ఒక్కోదానికి 40 ఏళ్ల రికార్డు, నెలకు ఒక పేజీ: 4,800 పేజీలు. ప్రతి పేజీలో రోజుకొక వరుస, ఆరు కాలమ్‌లు: గరిష్ఠ ఉష్ణోగ్రత, కనిష్ఠ ఉష్ణోగ్రత, ఉదయం పొడి బల్బు రీడింగు, తడి బల్బు రీడింగు, పీడనం, వర్షపాతం. అడుగున ప్రతి కాలమ్‌కూ రాసుకున్న మొత్తం. సగటున పేజీకి 183 గడులు, అన్నీ కలిపితే సుమారు 8.8 లక్షలు. అంకెలు నేను ఉదాహరణ కోసం పెట్టుకున్నవి. మీ కాగితాలకు మీ అంకెలు వేసుకోండి, లెక్క దారి మాత్రం ఇదే. ఖర్చును కూడా డబ్బులో కాకుండా మనిషి-గంటల్లోనే చెబుతాను. గంటకు మీరిచ్చేదెంతో మీకే తెలుసు.

1. ముందు తప్పుల బడ్జెట్ రాసుకోండి

ఈ పని చివరికి వదిలేస్తారు కానీ ఇది మొదటిది. ఎంత తప్పు ఉన్నా ఫర్వాలేదో తేలకపోతే ఒకరు టైప్ చేస్తే చాలా, ఇద్దరు చేయాలా అన్నది తేలదు. అది తేలకపోతే గంటలు తేలవు.

"99.5 శాతం కరెక్ట్‌గా ఉండాలి" అని రాస్తే వినడానికి బాగుంటుంది. దాన్ని పేజీ లెక్కలోకి మార్చి చూడండి. 183 గడుల్లో అర శాతం అంటే 0.9. దాదాపు ప్రతి పేజీలోనూ ఒక తప్పు ఉండొచ్చని మీరు సంతకం పెట్టినట్టు. స్కాన్ చేసిన బొమ్మలోంచి అక్షరాలు చదివే ఓసీఆర్ సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు చెప్పే "99 శాతం అక్షర కచ్చితత్వం" ఇంకా మోసం చేస్తుంది. 27.4 లాంటి విలువలో మూడు అంకెలున్నాయి. ఒక్కో అంకె 99 శాతం సరిగ్గా వస్తే మూడూ సరిగ్గా వచ్చేది 97 శాతం సార్లే. అంటే పేజీకి ఐదారు గడులు తప్పు. అందుకే ఎవరితో మాట్లాడినా అక్షరం లెక్క వద్దు, గడి లెక్క అడగండి.

ఇంకో సంగతి, అన్ని తప్పుల బరువూ ఒకటి కాదు. 27.4ను 27.5 అని కొడితే 31 రోజుల సగటు 0.003 డిగ్రీ మాత్రమే కదులుతుంది. 27.4ను 37.4 అని కొడితే 0.32 డిగ్రీ కదులుతుంది, ఆ నెల అత్యధిక ఉష్ణోగ్రత కూడా మారిపోతుంది. కాబట్టి బడ్జెట్‌ను మూడు ముక్కలు చేయండి.

చిన్న తప్పులు, అంటే చివరి అంకెల్లో తేడాలు: వెయ్యి గడులకు 2 దాకా సరే. పెద్ద తప్పులు, అంటే ఉష్ణోగ్రతలో 2 డిగ్రీలు దాటిన తేడా, ఖాళీ గడిని సున్నా అనడం, దశాంశ బిందువు పోవడం: పది వేల గడులకు 2. మొత్తం మీద ఇది 175 గడులు, అంటే సుమారు 27 పేజీలకు ఒకటి. మూడోది వరుస జారడం. 12వ తేదీ విలువ 13లో పడి, అక్కడి నుంచి నెలాఖరు దాకా అన్నీ ఒక మెట్టు దిగిపోవడం. దీనికి బడ్జెట్ సున్నా. శాంపిల్‌లో ఒక్కటి కనబడినా పని ఆపి చూడాలి.

ఈ హద్దులు నావి. మీ డేటా వాడేవాళ్లకు నెల సగటులే కావాలంటే చిన్న తప్పుల హద్దు ఇంకా వదులుగా పెట్టుకోవచ్చు. వాళ్లు రికార్డు వేడి, రికార్డు వాన వెతికేవాళ్లయితే పెద్ద తప్పుల హద్దు బిగించాలి. ఎందుకంటే అలాంటి వెతుకులాటలో మొదట బయటపడేవి మీ టైపింగ్ తప్పులే.

2. కట్టలో ఏముందో శాంపిల్ తీసి చూడండి

స్కానింగ్ మొదలెట్టక ముందే, చేత్తోనే తిరగేసి, పేజీలు ఎన్ని రకాలో తేల్చుకోవాలి. ఇక్కడ ఒక మాయ ఉంది. చాలామంది ప్రతి 20వ పేజీ తీస్తారు. నెలకో పేజీ ఉన్న రిజిస్టర్‌లో మొదటి పేజీ జనవరి అయితే తర్వాత తగిలేది సెప్టెంబరు, ఆ తర్వాత మే, మళ్లీ జనవరి. 4,800 పేజీలు తిరగేసినా మీకు కనబడేది ఆ మూడు నెలలే. వానాకాలంలో చెమ్మ తగిలి సిరా అలుక్కుపోయిన పేజీలు ఈ లెక్కకు చిక్కకపోవచ్చు, లేదా అవే ఎక్కువగా చిక్కవచ్చు. దీనికి మందు తేలికే. ప్రతి 20 పేజీలను ఒక గుంపు అనుకుని, ఆ గుంపులోంచి చీటీ వేసినట్టు ఒకటి తీయండి. 240 పేజీలు వస్తాయి. ఒక్కోదానికి అర నిమిషం చొప్పున రెండు గంటల పని.

ఎక్సెల్‌లో చేస్తే పేజీ నంబర్ల పక్కన `=RAND()` పెట్టి, వచ్చిన విలువలను వెంటనే వ్యాల్యూస్‌గా పేస్ట్ చేసేయండి. లేకపోతే ఫైల్ తెరిచిన ప్రతిసారీ శాంపిల్ మారిపోతుంది. మూడు నెలల తర్వాత "ఏ పేజీలు చూశాం?" అంటే జవాబు ఉండదు.

మన ఉదాహరణలో 240లో 95 టైపు మిషన్‌తో కొట్టినవి, 105 చేతిరాతే కానీ పొందికగా ఉన్నవి, 40 కష్టమైనవి అని తేలాయనుకుందాం. కష్టమైనవంటే వెలిసిన సిరా, వెనక పేజీ రాత ముందుకు కనబడటం, చిరిగిన అంచులు, మొత్తాలు కూడా చదవలేని స్థితి. మొత్తానికి పెంచితే 1,900, 2,100, 800 పేజీలు. వీటిని వరుసగా అ, ఆ, ఇ రకాలు అందాం. ఇకపై 'ఆ రకం' అంటే పొందికైన చేతిరాత పేజీలే.

ఆ 800 గట్టి అంకె కాదు. 240లో 40 అంటే 16.7 శాతం. శాంపిల్ ఊగిసలాటను కలుపుకుంటే నిజమైన వాటా 12 నుంచి 21 శాతం మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. పేజీల్లో చెప్పాలంటే 570 నుంచి 1,030 దాకా. ఈ తేడా తర్వాత గంటల లెక్కలో మళ్లీ వస్తుంది, గుర్తుంచుకోండి.

3. 60 పేజీలతో పైలట్, స్టాప్‌వాచ్ పెట్టుకుని

పైలట్‌కు, అంటే అసలు పనికి ముందు చేసే ట్రయల్‌కు, పేజీలను కట్టలో ఉన్న వాటా ప్రకారం తీయకండి. అలా తీస్తే ఇ రకం పదే వస్తాయి. టెన్షన్ పెట్టే రకం అదే కాబట్టి దాన్నే ఎక్కువ చూడాలి. ప్రతి కేంద్రం, ప్రతి దశాబ్దం నుంచి కనీసం ఒకటి ఉండేలా 40 పేజీలు తీసి, మిగతా 20 కష్టమైనవాటి నుంచి కలపండి. రాసే గుమాస్తా మారితే రాత మారుతుంది, అలవాట్లూ మారతాయి. ఒకరు వాన లేని రోజు గీత గీస్తారు, ఒకరు ఖాళీ వదులుతారు, ఒకరు సున్నా వేస్తారు. మన 60లో 15 అ రకం, 20 ఆ రకం, 25 ఇ రకం వచ్చాయనుకుందాం.

ఈ 60 పేజీలకు మొదట "నిజం" తయారు చేయాలి. పాత ప్రెస్సుల్లో ప్రూఫులు చూసినట్టే: ఒకరు కాగితం చూసి పైకి చదవాలి, మరొకరు తెర మీద అంకె చూస్తూ సరిపోల్చాలి. విసుగు పుట్టించే పని. కానీ టైపిస్టుల తప్పులు ఎన్నో, ఓసీఆర్ తప్పులు ఎన్నో కొలవడానికి ఇంతకంటే నమ్మకమైన కొలబద్ద నాకు కనబడలేదు.

ఆ తర్వాత అసలు పని చేయబోయే టైపిస్టులతోనే టైప్ చేయించండి. మీ ఆఫీసులో అందరికంటే చురుకైన మనిషితో చేయించి ఆ వేగాన్ని ప్లాన్‌లో రాస్తే ముందే ఓడిపోయినట్టు. మొదటి ఐదారు పేజీల టైమ్ లెక్కలోకి తీసుకోకండి, అది నేర్చుకునే టైమ్.

మన పైలట్‌లో ఒకసారి టైప్ చేయడానికి ఆ రకం పేజీకి 11 నిమిషాలు, ఇ రకానికి 19 పట్టాయి. ఆ రకం 20 పేజీల్లో, అంటే సుమారు 3,660 గడుల్లో, 22 తప్పులు వచ్చాయి. అంటే 0.6 శాతం. ఇక్కడా తొందరపడొద్దు. 22 తప్పులు దొరికినప్పుడు అసలు రేటు 0.4 నుంచి 0.9 శాతం దాకా ఉండొచ్చు. ఆ 22లో 9 తప్పులు రెండు పేజీల్లోనే ఉంటే ఈ పరిధి ఇంకా వెడల్పవుతుంది. ఎందుకంటే 3,660 గడులనేది పైకి కనబడే లెక్క, మీరు నిజంగా చూసింది 20 పేజీలే. తప్పులు చిలకరించినట్టు పడవు, గుంపులుగా పడతాయి. ఒక గుమాస్తా రాసే 7, టైపిస్టుకు 1 లాగా కనబడితే ఆ పేజీ మొత్తం పోయినట్టే.

ఏదేమైనా, బడ్జెట్ 0.2 శాతం, ఒక్కరు టైప్ చేస్తే వచ్చేది 0.6. కాబట్టి ఏదో ఒక రెండో తనిఖీ తప్పదు.

4. రెండోసారి టైప్ చేయించాలా, పేజీలోని మొత్తాలను వాడుకోవాలా?

మామూలు పద్ధతి ఇద్దరు విడివిడిగా టైప్ చేయడం, తేడా వచ్చిన గడులను మూడో మనిషి చూడటం. నమ్మకమైన పద్ధతే. ఆ రకానికి 11 రెండుసార్లు 22, తేడాలు చూడటానికి 3, మొత్తం పేజీకి 25 నిమిషాలు.

కానీ మన పేజీల అడుగున మొత్తాలున్నాయి. ఏళ్ల కిందట గుమాస్తా చేసిన కూడిక మనకు ఖర్చు లేకుండా దొరికిన రెండో టైపిస్టు. ఒకసారి టైప్ చేసి, ప్రతి కాలమ్ కూడి, రాసి ఉన్న మొత్తంతో పోల్చండి:

```
=ROUND(SUM(B2:B32)-B33,1)
```

సున్నా వస్తే ముందుకు వెళ్లండి, కాకపోతే ఆ కాలమ్ మాత్రం మళ్లీ చూడండి. ఎన్ని కాలమ్‌లు ఆగిపోతాయో ముందే లెక్కేయొచ్చు. గడికి 0.6 శాతం తప్పు ఉంటే 30 గడుల కాలమ్‌లో కనీసం ఒక తప్పు ఉండే అవకాశం 16 శాతం పైనే. గుమాస్తా తనే కూడిక తప్పు చేసినవి కలిపితే 20 శాతం అనుకుందాం. ఆరు కాలమ్‌ల పేజీలో ఒకటో రెండో. చూడటానికి కాలమ్‌కు రెండు నిమిషాలు, పేజీకి రెండున్నర. మొత్తాలు టైప్ చేయడానికి అర నిమిషం. అన్నీ కలిపి 14 నిమిషాలు. 25తో పోలిస్తే 11 ఆదా. 2,100 పేజీల మీద అది 385 గంటలు.

తేడా ఎంతన్నది కూడా ఏదో ఒకటి చెబుతుంది. సరిగ్గా 10.0 వస్తే పదుల స్థానంలో అంకె తప్పు చదివారు. తేడాలోని పదో వంతుల సంఖ్య తొమ్మిదితో భాగింపబడితే పక్కపక్క అంకెలు తారుమారయ్యాయేమో చూడండి. 27.4ను 24.7 అని కొడితే తేడా 2.7, అంటే 27 పదో వంతులు, మూడు తొమ్మిదులు. ఖాతా పుస్తకాలు రాసిన వాళ్లకు ఇది పాత చిట్కాయే.

అయితే ఈ తేడాను టైపిస్టుకు చూపించకండి. చూపిస్తే మొత్తం కుదిరేదాకా ఏదో ఒక గడిని సర్దేస్తారు. చెడ్డవాళ్లై కాదు. ఎర్రగా వెలుగుతున్న గడిని పచ్చగా మార్చడం మనిషి సహజం. టైపిస్టుకు కనబడాల్సింది "ఈ కాలమ్ మళ్లీ చూడండి" అన్నంతే. మళ్లీ చూశాక కూడా కాగితం మీద ఉన్నదే సరైతే, గుమాస్తా కూడిక తప్పని ఒక గుర్తు పెట్టి వదిలేయాలి. విలువ మార్చకూడదు.

ఈ పద్ధతికి ఒక గుడ్డి మచ్చ ఉంది, అది ప్రమాదమైన చోటే ఉంది. 12వ తేదీ విలువ, 13వ తేదీ విలువ ఒకదాని చోట ఒకటి పడితే మొత్తం మారదు. కాలమ్ అంతా ఒక మెట్టు జారినా మారదు. ఖాళీని సున్నా అన్నా మారదు. అంటే మనం అసలు ఒప్పుకోని తప్పునే ఈ తనిఖీ చూడలేదు. అందుకే దీనికి పక్కన కాలమ్‌ల మధ్య తనిఖీ కావాలి. తడి బల్బు రీడింగు పొడి బల్బును దాటకూడదు. కనిష్ఠం గరిష్ఠాన్ని దాటకూడదు. ఒక కాలమ్ జారితే ఒకే పేజీలో ఈ నియమాలు నాలుగైదు చోట్ల విరగవచ్చు, అది ఒక ఆనవాలు. ఒక్క చోటే విరిగితే సాధారణంగా ఒక గడి తప్పే. వానను ఇలా పట్టుకోలేం. దానికి ఆ నెలలో వాన కురిసిన రోజులెన్నో పేజీలో రాసి ఉంటే దాంతో పోల్చండి, లేకపోతే ఆ ఒక్క కాలమ్ మాత్రం రెండుసార్లు టైప్ చేయించండి. మన లెక్కలో ఆ రోజుల సంఖ్య రాసి ఉందనే అనుకుంటున్నాను.

పీడనం కాలమ్ మీద ఇంకొక మాట. 1008.4 అని ఒకసారి రాసి, కిందంతా 9.1, 7.8, 6.6 అని చివరి అంకెలే రాసే అలవాటు కొన్ని రిజిస్టర్లలో ఉంటుంది. గుమాస్తా మొత్తం కూడా ఆ పొట్టి అంకెలకే వేసి ఉంటే, మీరు పూర్తి విలువలు టైప్ చేస్తే ప్రతి నెలా "తప్పు" అని వస్తుంది. కాగితం మీద ఉన్నది ఉన్నట్టే ఒక చోట టైప్ చేయించి, పూర్తి విలువను పక్క కాలమ్‌లో ఫార్ములాతో కట్టించండి. పైవరుసలోదే మళ్లీ అనే గుర్తులకు, గీతలకు, చదవలేని గడులకు కూడా ఇదే సూత్రం: టైపిస్టు చూసింది రాయాలి, అర్థం చెప్పడం తర్వాతి పని. ఖాళీకి ఒక కోడ్, గీతకు ఒకటి, చదవలేనిదానికి ఒకటి పెట్టండి. సున్నాకు సున్నాయే.

అ రకానికి ఓసీఆర్ చదివినదాన్ని ఇవే తనిఖీల గుండా పంపి, ఆగిన కాలమ్‌లు సరిచేస్తే పేజీకి నాలుగున్నర నిమిషాలు. ఇ రకంలో మొత్తాలే చదవలేం కాబట్టి అక్కడ రెండుసార్లు టైపింగ్ తప్పదు: 38 నిమిషాలు, తేడాలు చూడటానికి మరో 9, కలిపి 47.

5. స్కానింగ్

దీని గురించి ఎక్కువ చెప్పను. పెన్సిల్ దిద్దుబాట్లు, ఎర్ర సిరా గుర్తులు ఉంటాయి కాబట్టి కలర్‌లో తీయండి, చిన్న అంకెలుంటే 400 డీపీఐ. ఏ4 సైజు పేజీ కంప్రెస్ చేయకుండా సుమారు 46 ఎంబీ, మొత్తం 223 జీబీ. ఇంకో కాపీకి కూడా చోటు చూసుకోండి. నలుపు-తెలుపులో గట్టిగా కుదించే మోడ్‌ల జోలికి వెళ్లకండి. 2013లో డేవిడ్ క్రీజెల్ అనే జర్మన్ కంప్యూటర్ శాస్త్రజ్ఞుడు కొన్ని ఆఫీసు స్కానర్లు 6ను 8గా మార్చేస్తున్నాయని బయటపెట్టాడు. జేబిగ్2 అనే కంప్రెషన్ ఒకేలా కనబడే ముక్కలను ఒకటే అనుకుని అతికించడం వల్ల అది జరిగింది. బొమ్మ మసకగా కూడా కనబడదు, తేటగా తప్పుగా కనబడుతుంది. పట్టికలకు ఇంతకంటే చెడ్డది లేదు.

పేజీ తిప్పడం, ఫైల్‌కు పేరు పెట్టడం, సరిగ్గా వచ్చిందో చూడటం కలిపి పేజీకి 3 నిమిషాలు. 240 గంటలు. 3 శాతం మళ్లీ స్కాన్ చేయాల్సి వస్తుందని పెట్టుకోండి. రిజిస్టర్ మళ్లీ వెతికి తీయాలి కాబట్టి వాటికి పేజీకి 10 నిమిషాలు, అంటే 24 గంటలు.

6. రోజుకెంత, ఎక్కడ ఆగుతుంది?

ఎనిమిది గంటల డ్యూటీలో నిజంగా టైప్ చేసేది ఐదు గంటలే అనుకోండి. అంతకు మించి పెడితే తప్పులు పెరుగుతాయి, పైలట్‌లో కొలిచిన రేటు ఇక పనికిరాదు.

టైపిస్టుల గంటలు చూద్దాం. అ రకానికి 142, ఆ రకానికి పేజీకి పదకొండున్నర చొప్పున 402, ఇ రకానికి 507. మొత్తం 1,051. ముగ్గురుంటే రోజుకు 15 గంటలు, 70 పనిరోజులు. స్కానర్ ఒకటే ఉన్నా రోజుకు 100 పేజీలు, 48 రోజుల్లో అయిపోతుంది. కాబట్టి రెండో స్కానర్ కొనమని ఎవరైనా అంటే వద్దనండి.

టైపింగ్, స్కానింగ్ కాక మూడో పని ఒకటుంది, అది చాలా ప్లాన్లలో ఉండనే ఉండదు. ఆగిపోయిన కాలమ్‌లు, తేడా వచ్చిన గడులు చూసేదెవరు? ఆ రకంలో 2,100 పేజీలకు రెండున్నర నిమిషాలు, ఇ రకంలో 800కు తొమ్మిది. కలిపి 207 గంటలు. పాత రిజిస్టర్లు చదవగలిగిన మనిషి ఒక్కరే ఉన్నారు, ఆయన తన సొంత పని మధ్య రోజుకు రెండు గంటలే ఇవ్వగలరు అనుకుందాం. అప్పుడు 104 రోజులు. టైపింగ్ 70 రోజుల్లో పూర్తయి, ఆయన టేబుల్ మీద నెలకు పైగా సరిపడా పని పేరుకుంటుంది. టైపిస్టులను పెంచితే ఆ కుప్ప ఇంకా త్వరగా పెరుగుతుంది, అంతే.

తేడాల్లో చాలావరకు వేలు జారినవి. కాగితం వైపు మళ్లీ చూస్తే ఎవరికైనా తెలుస్తాయి. వాటిని టైపిస్టుల్లో నిదానంగా పనిచేసే ఒకరికి అప్పగించండి, ఆ పేజీ తను టైప్ చేసింది మాత్రం కాకూడదు. నిజంగా అర్థం కానివే నిపుణుడి దగ్గరకు వెళ్లాలి. మూడో వంతు వెళ్లినా 69 గంటలు, 35 రోజులు. మిగతా 138 గంటలు టైపిస్టుల వైపు కలిస్తే 1,189 గంటలు, 79 రోజులు. ఇప్పుడు గడువును నిర్ణయించేది టైపింగ్. మనుషులను పెంచితే నిజంగా తగ్గే చోటికి వచ్చాం.

7. మొత్తం ఖర్చు

టైపింగ్ 1,051, తేడాలు చూడటం 207, స్కానింగ్ 240, మళ్లీ స్కానింగ్ 24, పైలట్, శిక్షణ, నియమాలు రాయడం 80, చివరి తనిఖీ 50. సుమారు 1,650 గంటలు.

దీని మీద రిజర్వు పెట్టేటప్పుడు "ఓ 15 శాతం" అని ఊరికే రాయకుండా అది దేనికో చెప్పండి. ఇ రకం 800 కాదు, 1,030 కావచ్చని ముందే చూశాం. ఆ రకం నుంచి ఇ రకంలోకి జారిన ప్రతి పేజీకి 33 నిమిషాలు అదనం. 230 పేజీలకు 126 గంటలు. దీనితో పాటు వదిలి వెళ్లే టైపిస్టు స్థానంలో కొత్తవారికి నేర్పడం, ఆగిన బ్యాచ్‌ను మళ్లీ చేయడం కలిపి 250 గంటలు పెట్టుకుంటే మొత్తం 1,900. పేజీకి 24 నిమిషాలు. మొదట వేసిన 880తో పోలిస్తే రెట్టింపు దాటింది. ఇంత ఇవ్వలేమని పైవాళ్లు అంటే తనిఖీలు తీసేయకండి, ఇ రకం పేజీలు తీసేసి బొమ్మలుగానే ఉంచండి. పేజీల్లో ఆరో వంతు వదులుకుంటే ఒక్క టైపింగ్, తేడాల పనిలోనే 627 గంటలు మిగులుతాయి. వదిలేసినవి ఏ కేంద్రాలవి, ఏ ఏళ్లవి అన్న జాబితా మాత్రం డేటాతో పాటే ఉండాలి. పాడైన పేజీలు తరచూ ఒకే కేంద్రం, ఒకే కాలం నుంచి వస్తాయి.

8. బ్యాచ్‌లు, చివరి తీర్పు

పనిని 200 పేజీల చొప్పున 24 బ్యాచ్‌లు చేయండి. ప్రతి బ్యాచ్ నుంచి చీటీ వేసి 7 పేజీలు తీసి, ఒకరు చదువుతూ ఒకరు చూస్తూ గడి గడీ సరిచూడండి. పేజీకి 9 నిమిషాలు, ఇద్దరు మనుషులు. 168 పేజీలకు 50 గంటలు అన్నది ఇదే.

ఒక బ్యాచ్‌లో ఏడు పేజీలూ శుభ్రంగా వచ్చాయని ఆ బ్యాచ్ పాసైనట్టు అనుకోవద్దు. 1,280 గడుల్లో తప్పు లేకపోతే మీరు నమ్మకంగా చెప్పగలిగింది పది వేలకు 23 కంటే ఎక్కువ లేవని మాత్రమే. తప్పులు దొరకనప్పుడు పై హద్దు సుమారు 3ను చూసిన గడుల సంఖ్యతో భాగిస్తే వస్తుంది. మన బడ్జెట్ పది వేలకు 2. బ్యాచ్ తనిఖీ ఉన్నది పెద్ద గొడవలను ముందే పట్టుకోవడానికి. వరుస జారిన పేజీ కనబడితే, లేదా ఒకే పేజీలో మూడు పెద్ద తప్పులుంటే, అక్కడ ఆగి కారణం వెతకాలి. ఏ టైపిస్టు, ఏ గుమాస్తా రాత, ఏ రోజు అని చూసి, అదే కారణం తగిలిన పేజీలన్నీ మళ్లీ చూడాలి. శాంపిల్‌లో దొరికిన గడి ఒక్కటి దిద్దేస్తే ఆ ఏడు పేజీలే బాగవుతాయి, మిగతా 193 అలాగే ఉంటాయి.

తీర్పు 24 బ్యాచ్‌లూ కలిపాకే. 168 పేజీలు, సుమారు 30,700 గడులు. పెద్ద తప్పు ఒకటి దొరికితే 95 శాతం నమ్మకంతో పై హద్దు పది వేలకు సుమారు 1.5, బడ్జెట్ లోపలే. రెండు దొరికితే 2.05, గీత మీద ఉన్నారు. ఇంకో 60 పేజీలు చూసి తేల్చుకోవచ్చు, కానీ అలా చూస్తామని ముందే రాసుకుని ఉండాలి, ఫలితం నచ్చక అప్పటికప్పుడు పెంచకూడదు. మూడు గానీ అంతకంటే ఎక్కువ గానీ దొరికితే బడ్జెట్ లోపల ఉన్నామని చెప్పలేరు. రెండు తప్పులూ ఒకే పేజీలో ఉంటే ఈ లెక్క అంత గట్టిది కాదు, అప్పుడు తప్పున్న పేజీల సంఖ్య కూడా పక్కన రాయండి.

డేటా అప్పగించేటప్పుడు ఫైల్‌తో పాటు వెళ్లాల్సినవి: ఒక్కో రకం పేజీకి విడివిడిగా కొలిచిన తప్పుల రేటు, దాని పై హద్దు, చూసిన 168 పేజీల నంబర్లు, గుమాస్తా కూడికే తప్పని గుర్తు పెట్టిన కాలమ్‌లు. అ రకంలో తప్పులు దాదాపు లేకుండా, ఇ రకంలోనే అన్నీ ఉంటే, ఒకే సగటు రేటు రాయడం అ రకాన్ని వాడేవాళ్లకు అన్యాయం, ఇ రకాన్ని వాడేవాళ్లకు మోసం.